ర్యామ్ ఎంత ఉంది అని చూడాలా, ఏ ర్యామ్ అని చూడాలా? 6జీబీ ఎల్‌పీడీడీఆర్5 వర్సెస్ 8జీబీ ఎల్‌పీడీడీఆర్4ఎక్స్

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు పెట్టిన కామెంట్ చదువుతాను. "అన్నా, ఒకే రేటులో రెండు ఫోన్లు చూశాను. ఒకదాంట్లో 6జీబీ ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్, ఇంకోదాంట్లో 8జీబీ ఎల్‌పీడీడీఆర్4ఎక్స్. షాపులో ఆయనేమో 5 అంటే స్పీడు, అదే తీసుకో అంటున్నాడు. ఏది తీసుకోవాలి?" ఈ ఒక్క ప్రశ్నకే ఈ రోజు ఎపిసోడ్ మొత్తం. ఎందుకంటే ఫోన్‌లో ర్యామ్‌ని తర్వాత మార్చుకోలేం. చాలా ఫోన్లలో అది ప్రాసెసర్ చిప్ మీదే ఇంకో అంతస్తులాగా సోల్డర్ చేసి ఉంటుంది. కొన్న రోజు ఏం తీసుకున్నామో, మూడు నాలుగేళ్లు దాంతోనే బండి లాగాలి.

ముందు ఆ పేరు సంగతి. ఎల్‌పీడీడీఆర్‌లో ఎల్‌పీ అంటే లో పవర్. ల్యాప్‌టాప్‌లో, పీసీలో పెట్టే డీడీఆర్‌కి బ్యాటరీ తక్కువ తినే చుట్టం అనుకోండి. 4 అనేది 2014లో వచ్చింది. దాని డేటా లైన్లు 1.1 వోల్టుల మీద నడిచేవి. 4ఎక్స్‌లో దాన్ని 0.6 వోల్టులకి దించారు, అంటే ఆ ఎక్స్ వచ్చింది ముఖ్యంగా కరెంటు పొదుపు కోసమే. 2019లో 5 స్టాండర్డ్, 2021లో 5ఎక్స్ వచ్చాయి. స్పీడు చూస్తే, ఒక్కో డేటా లైను మీద సెకనుకి 4ఎక్స్ 4266 మెగాబిట్లు, 5 అయితే 6400, 5ఎక్స్ అయితే 8533 దాకా పంపిస్తాయి. 5ఎక్స్‌లో ఇప్పుడు అంతకంటే ఎక్కువ స్పీడువి కూడా వచ్చేశాయి.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. కొన్ని స్పెక్ షీట్లలో 4ఎక్స్ పక్కన 2133 మెగాహెర్ట్జ్ అని రాస్తారు, కొన్నింట్లో 4266 అని రాస్తారు. రెండూ ఒకటే. డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపడం. కాబట్టి ఒక చోట 3200, ఇంకో చోట 4266 చూసి రెండోదే ఫాస్ట్ అనుకోకండి. 3200 మెగాహెర్ట్జ్ అని రాసింది ఎల్‌పీడీడీఆర్5 అయితే అది 6400 అన్నమాట.

ఇప్పుడు చాలామంది చెప్పని విషయానికి వద్దాం. 4266 కంటే 6400 సగం ఎక్కువ కదా, అంటే ఫోన్ సగం ఫాస్ట్ అయిపోతుందా? ఆ నంబరు ఒక్క లైను స్పీడు మాత్రమే. మొత్తం ఎంత డేటా వస్తుందో తెలియాలంటే అలాంటి లైన్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి. ఆ సంఖ్యని డిసైడ్ చేసేది ర్యామ్ కాదు, ప్రాసెసర్.

లెక్క వేసి చూద్దాం. స్నాప్‌డ్రాగన్ 695 తీసుకోండి, మన బడ్జెట్ ఫోన్లలో తెగ వచ్చిన చిప్. దాంట్లో ర్యామ్‌కి 32 లైన్లు. 4266ని 32తో గుణించి 8తో భాగిస్తే సెకనుకి దగ్గర దగ్గర 17జీబీ. అదే 4ఎక్స్ ర్యామ్‌ని 2019 ఫ్లాగ్‌షిప్ చిప్ స్నాప్‌డ్రాగన్ 855లో పెడితే అక్కడ 64 లైన్లు, అంటే 34జీబీ. ర్యామ్ రకం ఒకటే, వచ్చే డేటా డబుల్! ఇప్పుడు 32 లైన్లే ఉన్న చిప్‌కి ఎల్‌పీడీడీఆర్5 ఫుల్ స్పీడులో పెట్టారనుకోండి, వచ్చేది 25.6జీబీ. అంటే పాత ఫ్లాగ్‌షిప్‌లోని పాత రకం ర్యామ్ కంటే కొత్త బడ్జెట్ ఫోన్‌లోని కొత్త రకం వెనకే ఉంటుంది. డబ్బా మీద 5 అని కనిపించగానే ఆగిపోకూడదు అనేది ఇందుకే.

సరే, 17 కంటే 25 ఎక్కువే కదా అంటారు. ఎక్కువే. కానీ మనం రోజూ చేసే పనులకి అంత కావాలా? స్క్రీన్ సంగతే చూడండి. 1080 బై 2400 స్క్రీన్, అంటే సుమారు 26 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు వేసుకుంటే ఒక్క ఫ్రేమ్ 10ఎంబీ చిల్లర. 120 హెర్ట్జ్ అంటే సెకనుకి 120 ఫ్రేములు, మొత్తం 1.25జీబీ లోపే. ఇన్‌స్టా రీల్స్ స్క్రోల్ చేసేటప్పుడు ఫ్రేమ్ తయారు చేయడానికి ఇంకో మూడు నాలుగు రెట్లు అవుతుంది అనుకున్నా, 17జీబీలో అది సగం కూడా దాటదు. వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే, క్రోమ్ వాడేవాళ్లకి 4ఎక్స్ దారి ఇరుకు కాదు.

ఇంకోటి. దారి వెడల్పు పెరిగినంత మాత్రాన దూరం తగ్గదు. హైదరాబాద్ నుంచి విజయవాడకి రోడ్డు ఆరు లేన్లు చేసినా కిలోమీటర్లు అవే కదా. ప్రాసెసర్ "ఈ ముక్క కావాలి" అని అడిగిన క్షణం నుంచి మొదటి బైటు వచ్చేదాకా పట్టే టైముని లేటెన్సీ అంటారు. స్పీడు పెరిగినంతగా ఆ టైము తరం తరానికీ తగ్గిపోలేదు. యాప్ నొక్కగానే ఓపెన్ అవ్వడం లాంటి పనుల్లో చిన్న చిన్న ముక్కలే ఎక్కువ అడుగుతారు. అక్కడ 4ఎక్స్‌కి, 5కి తేడా మన వేలికి తెలియదు.

మరి ర్యామ్ సరిపోకపోతే ఏమవుతుంది? అసలు దెబ్బ అక్కడ. మా పిన్ని కూతురు పోయినసారి ఎంసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్స్ ఫోన్‌లోనే పెట్టింది. 4జీబీ ఫోన్. క్రోమ్‌లో కాలేజీలు ఒక్కొక్కటీ పెట్టుకుంటూ, మధ్యలో వాట్సాప్‌లో ఉన్న కాలేజీ లిస్ట్ పీడీఎఫ్ చూసింది, ఒక ఫోన్ కాల్ మాట్లాడింది, మళ్లీ క్రోమ్‌కి వచ్చింది. పేజీ తెల్లగా అయ్యి మొదటి నుంచి లోడ్ అయ్యింది. సేవ్ కొట్టని ఆప్షన్లన్నీ పోయాయి. పాపం ఏడుపొక్కటే తక్కువ. తప్పు నెట్‌ది అనుకుంది. నెట్ బాగానే ఉంది.

జరిగింది ఏంటంటే, ర్యామ్ నిండుతున్నప్పుడు ఆండ్రాయిడ్ ముందు వెనకాల ఉన్న యాప్‌ల డేటాని ర్యామ్‌లోనే కుదించి, మూట కట్టి పెడుతుంది. దీన్ని జడ్‌ర్యామ్ అంటారు. అదీ చాలకపోతే వెనకాల ఉన్న యాప్‌ని మొత్తంగా ఆపేస్తుంది. మీరు తిరిగి వచ్చినప్పుడు ఆ యాప్ స్టోరేజ్ నుంచి మళ్లీ పుట్టాలి. ఇప్పుడు నంబర్లు పక్కపక్కన పెట్టండి. 4ఎక్స్ ర్యామ్ సెకనుకి 17జీబీ ఇస్తుంది. బడ్జెట్ ఫోన్లలో ఉండే యూఎఫ్‌ఎస్ 2.2 స్టోరేజ్ ఎంత బాగా చదివినా సెకనుకి 1జీబీ దగ్గర ఆగిపోతుంది, చిన్న ముక్కలైతే ఇంకా చాలా తక్కువ. 4ఎక్స్ నుంచి 5కి వెళ్తే లాభం ఒకటిన్నర రెట్లు. ర్యామ్‌లోంచి జారి స్టోరేజ్‌కి పడిపోతే నష్టం పదిహేను రెట్లకి పైనే! పైగా టైప్ చేసిన ఫారం ఎంత స్పీడు ర్యామ్ ఉన్నా తిరిగి రాదు. ఆ 4జీబీ ఫోన్‌లో ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ పెట్టినా చెల్లి ఆప్షన్లు పోయేవే.

మీ ఫోన్‌లో ర్యామ్ చాలడం లేదో, ఇంకేదైనా ప్రాబ్లమో ఎలా తెలుసుకోవాలి? కంప్యూటర్ లేకుండా ఒక టెస్ట్. క్రోమ్‌లో ఏదైనా ఫారం ఓపెన్ చేసి రెండు లైన్లు టైప్ చేయండి. తర్వాత మీరు నిజంగా రోజూ వాడే ఆరేడు యాప్‌లు వరసగా తెరవండి, చివర్లో కెమెరా కూడా, ఎందుకంటే అది ఒక్కసారిగా చాలా ర్యామ్ అడుగుతుంది. వెనక్కి క్రోమ్‌కి రండి. టైప్ చేసింది అలాగే ఉంటే ర్యామ్ సరిపోతోంది. పేజీ రీలోడ్ అయితే చాలడం లేదు. ఒక్కసారి కాకుండా మూడు సార్లు చేసి చూడండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే ఆపి చేయండి, కొన్ని ఫోన్లు ర్యామ్ ఖాళీగా ఉన్నా బ్యాటరీ కోసం యాప్‌లని ఆపేస్తాయి.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఈ కమాండ్ కొట్టండి.

```
adb shell cat /proc/meminfo
```

చాలా లైన్లు వస్తాయి, కంగారు పడొద్దు. ఇలాంటి నాలుగు చూస్తే చాలు.

```
MemTotal:        5706480 kB
MemAvailable:    1843212 kB
SwapTotal:       4194300 kB
SwapFree:        1210368 kB
```

ఇది 6జీబీ ఫోన్ అనుకోండి. MemTotal 5.4జీబీయే చూపిస్తోంది, మిగతాది సిస్టమ్ ముందే తన కోసం పక్కన పెట్టుకుంది. ఎవరూ మోసం చేయలేదు. MemAvailable అంటే ఇప్పటికిప్పుడు కొత్త యాప్‌కి ఇవ్వగలిగింది. SwapTotal నుంచి SwapFree తీసేస్తే 3జీబీకి కొంచెం తక్కువ, అంత డేటాని ఫోన్ మూట కట్టి ఉంచింది. మూట కట్టడం మామూలే, ప్రతి ఆండ్రాయిడ్ ఫోనూ చేస్తుంది. కానీ SwapFree సున్నాకి దగ్గరైపోయి, MemAvailable కూడా పడిపోయి, ఫారం టెస్ట్‌లో పేజీ రీలోడ్ అవుతుంటే, మీకు కావాల్సింది జీబీలే.

"మరి వర్చువల్ ర్యామ్ ఉంది కదా అన్నా, 8 ప్లస్ 8?" అని అడుగుతారు. ఆ రెండో 8 మీ స్టోరేజ్‌లోంచి తీసిన ముక్క. పైన చెప్పిన సెకనుకి 1జీబీ లెక్కే దానికీ వర్తిస్తుంది. దాన్ని ర్యామ్ కింద లెక్కేయకండి.

అలాగని ఎల్‌పీడీడీఆర్5 వేస్ట్ అని నేను అనను. గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ చిప్‌కి వేరే మెమరీ ఉండదు, ప్రాసెసర్‌తో కలిసి ఇదే ర్యామ్‌ని వాడుకుంటుంది. హై సెట్టింగ్స్‌లో 90, 120 ఎఫ్‌పీఎస్ ఆడితే, 4కే 60లో వీడియో తీస్తే, అప్పుడు దారి నిజంగానే నిండుతుంది. బ్యాటరీ లాభం కూడా ఉంది. 2019లో శాంసంగ్ తన మొదటి 12 గిగాబిట్ ఎల్‌పీడీడీఆర్5 చిప్ గురించి 4ఎక్స్ కంటే 30 శాతం తక్కువ కరెంటు అని చెప్పింది. అయితే ఆ 30 శాతం ర్యామ్ తినే దాంట్లో, మొత్తం బ్యాటరీలో కాదు. స్క్రీన్, నెట్‌వర్క్ తినేదాని ముందు అది చిన్నదే.

స్పీడు కావాలంటే ర్యామ్ పేరు కాకుండా చిప్ పేరు చూడండి. హీలియో జీ99 ఉన్న ఫోన్‌లో ఎల్‌పీడీడీఆర్5 వెతికితే దొరకదు, ఆ చిప్ 4ఎక్స్‌తోనే పనిచేస్తుంది. రెండూ తీసుకునే చిప్‌లు కూడా ఉన్నాయి, అక్కడ ఇంకా జాగ్రత్త. 2020లో వచ్చిన పోకో ఎఫ్2 ప్రో ఒకే పేరు, ఒకే చిప్. కానీ 6జీబీ వేరియంట్‌లో 4ఎక్స్, 8జీబీలో 5. రివ్యూ వాళ్ల చేతికి వచ్చేది ఎక్కువగా పెద్ద వేరియంట్, మీరు కొనేది చిన్నది. అందుకే కంపెనీ సైట్‌లో స్పెక్స్ చదివేటప్పుడు మీరు కొనే వేరియంట్ లైనే చదవండి.

ఇక తమ్ముడి ప్రశ్న. 6జీబీ 5, 8జీబీ 4ఎక్స్, రేటు ఒకటే, వాడకం వాట్సాప్, రీల్స్, క్లాసుల పీడీఎఫ్‌లు, అప్పుడప్పుడు గేమ్ అని రాశావు. 8జీబీ తీసుకో. అదే ప్రశ్న 8జీబీ 5, 12జీబీ 4ఎక్స్ అయ్యుంటే నా జవాబు తిరగబడేది. నీ వాడకానికి 8లోనే యాప్‌లు నిలబడతాయి, మిగతా 4 ఎక్కువ టైం ఖాళీగానే ఉంటుంది, అప్పుడు మంచి చిప్ ఉన్నదానికే నా ఓటు. రోజంతా గేమింగే అయితే 6, 8 దగ్గర కూడా రెండు చిప్‌ల పేర్లు నాకు పంపు, లైన్లు ఎన్నో చూసి చెప్తాను.

మిగతావాళ్లు ఫారం టెస్ట్ చేసి, మీ ఫోన్ మోడల్, ఎన్ని జీబీ, ఎన్నో యాప్ దగ్గర రీలోడ్ అయ్యిందో కామెంట్‌లో పెట్టండి. వచ్చే వారం వాటిని ముందు పెట్టుకుని యూఎఫ్‌ఎస్ 2.2, 3.1 సంగతి మాట్లాడదాం. ఉంటాను.