నిర్దోషి శిక్ష: గోల్కొండ చెప్పే సాక్ష్యం

భద్రాచలంలో జరుగుతున్న ఈ తత్త్వశాస్త్ర సదస్సు ముందుకు చర్యా ఉపయోగితావాదం, నియమ ఉపయోగితావాదం అన్న పాత వివాదం మళ్ళీ వచ్చింది. ఎక్కువమందికి ఎక్కువ మేలు కలిగించేదే సరైనదన్న మూలసూత్రంలో ఈ రెంటికీ భేదం లేదు. ఆ కొలతను దేనికి పెట్టాలన్న దగ్గరే అవి విడిపోతాయి. ఎదుట ఉన్న ఒక్కొక్క చర్యను దాని ఫలితాలతో విడిగా తూచాలనేది మొదటిది. చర్య నియమానికి లోబడి ఉండాలనీ, తూచవలసినది అందరూ పాటించినప్పుడు ఆ నియమం వల్ల కలిగే ఫలితాలనే అనీ చెప్పేది రెండవది. ప్రతినిధులకు ఇది తెలిసిన విషయమే కనుక విస్తరించనక్కరలేదు. ఈ రెండు వాదాలకూ అగ్నిపరీక్షగా నిలిచిన నిర్దోషి శిక్ష అనే సందర్భాన్ని మాత్రం తెలుగు విద్యాలోకం ఇంతవరకూ అరువు ఉదాహరణతోనే చర్చిస్తూ వచ్చింది. ఆ లోటును ఎత్తిచూపడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఆ అరువు ఉదాహరణ హెచ్. జె. మెక్‌క్లోస్కీ 1957లో రాసిన వ్యాసంలోనిది. అమెరికాలోని ఒక పట్టణంలో అత్యాచారం జరిగి, నల్లవారిపై ఆగ్రహం రగిలి, అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయే పరిస్థితి ఏర్పడినప్పుడు, అక్కడి పోలీసు అధికారి ఒక నిర్దోషిపై నేరం మోపి ఊరిని శాంతపరచవచ్చునా అన్నది ప్రశ్న. ఒక ప్రాణం పోతే అనేక ప్రాణాలు నిలుస్తాయి కనుక చర్యా ఉపయోగితావాది అవునని చెప్పక తప్పదని మెక్‌క్లోస్కీ వాదం. ఈ కథలో ఒక లోపం ఉంది: అన్ని ఫలితాలనూ రచయితే ముందుగా నిర్ణయించి పెట్టాడు. అల్లర్లు ఆగుతాయని, నిజం బయటపడదని ఆయనే హామీ ఇస్తాడు. అటువంటి హామీ ఏ పాలకుడికీ ఏ కాలంలోనూ దొరకలేదు.

అరువు వద్దనుకున్న మన పండితులలో ఒక వర్గం, ముఖ్యంగా ఈ క్షేత్రంలో మాట్లాడేటప్పుడు, కంచర్ల గోపన్న చెరను నిర్దోషి శిక్షకు ఉదాహరణగా చూపడం పరిపాటి చేసుకుంది. దీన్ని ఈ వేదిక మీద నిర్మొహమాటంగా ఖండించవలసి ఉంది. నేలకొండపల్లిలో పుట్టిన గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారుగా వసూలు చేసిన శిస్తు సొమ్మును ఆలయ నిర్మాణానికి వెచ్చించాడన్నది సంప్రదాయం చెప్పే విషయం. రామలక్ష్మణులు స్వయంగా వచ్చి తానీషాకు మొహరీలు చెల్లించారని చెప్పే భక్తుల కథ కూడా బాకీ లేదని అనదు, బాకీ తీరిందనే అంటుంది. భక్తిలోకంలో రామదాసు స్థానానికి దీనివల్ల ఏ భంగమూ లేదు. తత్త్వశాస్త్రంలో మాత్రం అది గొప్ప మేలు కోసం నియమం దాటిన వ్యక్తి సమస్యే తప్ప, ఏ నియమమూ దాటని వ్యక్తిని బలిపెట్టిన సమస్య కాదు. రెండింటినీ కలిపితే రెండూ అర్థం కాకుండా పోతాయి.

అసలైన ఉదాహరణ అదే కుటుంబంలో, అదే కాలంలో ఉంది. గోపన్నకు మేనమామలని సంప్రదాయం చెప్పే అక్కన్న, మాదన్నల హత్యే అది. అబుల్ హసన్ కుతుబ్‌షా కొలువులో మాదన్న ప్రధాని, అక్కన్న ఆయన అన్న. 1685 అక్టోబరులో ఔరంగజేబు కుమారుడు షా ఆలం సేనలు హైదరాబాదు నగరంలో ప్రవేశించి దోచుకోగా, సుల్తాను గోల్కొండ కోటలోకి తరలిపోయాడు. సంధికి మొగలులు పెట్టిన షరతులలో భారీ పరిహారంతో పాటు ఈ సోదరుల తొలగింపు కూడా ఉంది. సుల్తాను తాత్సారం చేశాడు. శత్రువు గుమ్మంలో నిలిచి ఉండగా, ఈ కష్టాలన్నింటికీ ఆ ఇద్దరే కారణమన్న మాట కొలువులోని అమీరుల మధ్య, అంతఃపురంలో బలపడింది. 1686 మార్చిలో ఒక రాత్రి, సుల్తాను సమక్షం నుంచి ఇంటికి మరలుతున్న సోదరులను గోల్కొండ వీధిలోనే చంపించి, తలలను మొగలు శిబిరానికి పంపారు. సుల్తానుకు ఇందులో ఎంత ప్రమేయముందన్న విషయంలో చరిత్రకారులు ఏకీభవించరు. విచారణ జరగలేదన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. శివాజీతో మైత్రితో సహా వారు నడిపిన రాజనీతి సుల్తాను ఆమోదం ఉన్నదే కనుక, గోల్కొండ ధర్మం ప్రకారం వారిపై మోపదగిన నేరం లేదు. ఈ ఉపన్యాసంలో నిర్దోషి అన్న మాటకు అంతమాత్రమే అర్థం.

ఇక లెక్క. ఆ ఏడాదే మొగలు సేనలు వెనుదిరిగాయి. 1686 వేసవిలో లెక్క కట్టిన చర్యా ఉపయోగితావాది ఆ రెండు ప్రాణాలతో ఒక నగరం దక్కిందని రాసుకొని ఉండేవాడు. అయితే ఆ సెప్టెంబరులో బీజాపూరును జయించిన ఔరంగజేబు 1687 ఆరంభంలో స్వయంగా గోల్కొండ మీదికి వచ్చాడు, సుమారు ఎనిమిది నెలల ముట్టడి తరువాత లోపలివారి ద్రోహంతో కోట పడిపోయింది, సుల్తాను దౌలతాబాదులో బందీగా జీవితం ముగించాడు. 1687 సెప్టెంబరులో లెక్క కట్టినవాడికి అదే చర్య వృథా హత్యగా కనిపిస్తుంది. చర్య మారలేదు, తేదీ మారింది.

ఈ ఆక్షేపణకు జె. జె. సి. స్మార్ట్ అనుయాయులు సిద్ధంగా ఉంచుకున్న సమాధానం బలహీనమైనది కాదు. లెక్కించవలసినది జరిగిన ఫలితాలను కాదు, చర్య చేసే క్షణాన జరగవచ్చునని సహేతుకంగా ఊహించగల ఫలితాలనే అని వారంటారు. ఆ క్షణాన గోల్కొండ అమీరులకు తెలిసిన విషయం ఒకటి ఉంది. బీజాపూరు 1685 నుంచే మొగలుల ముట్టడిలో ఉంది, అక్కడ మాదన్న వంటి బ్రాహ్మణ ప్రధాని ఎవరూ లేరు. మంత్రులే కారణమైతే బీజాపూరును ముట్టడించవలసిన పని లేదు. అంటే మొగలులకు కావలసింది మంత్రుల తలలు కాదు, దక్కను అని గ్రహించడానికి ఆధారం ఎదుటే ఉంది. కనుక సరిగా లెక్కించి ఉంటే చర్యా ఉపయోగితావాదమే ఈ హత్యను నిషేధించి ఉండేదని వారు చెప్పవచ్చు, ఆ మాట నిజం కూడా.

ఇబ్బంది ఆ నిజంలోనే ఉంది. ఆ లెక్క ప్రకారం అమీరుల తప్పు బీజాపూరు వార్తను సరిగా తూచకపోవడమే తప్ప, మాదన్నకు చేసిన అన్యాయం కాదు. మొగలులు నిజంగానే శాశ్వతంగా మరలిపోయే పరిస్థితి ఉండి ఉంటే, అదే రాత్రి, అదే వీధిలో, అదే హత్య ధర్మమై ఉండేది. స్మార్ట్ 1973లో బెర్నార్డ్ విలియమ్స్‌తో కలిసి వెలువరించిన గ్రంథంలో ఈ పర్యవసానాన్ని బాధతోనే అయినా తప్పించుకోకుండా ఒప్పుకున్నాడు. అటువంటి సందర్భాలు నిజజీవితంలో రావులెమ్మని దాటవేసే నేటి సమర్థకుల కంటే ఆయన నిజాయితీ ఎన్నో రెట్లు గౌరవించదగినది.

నియమ ఉపయోగితావాదం ఇక్కడ అడిగే ప్రశ్నే వేరు. జాన్ రాల్స్ 1955లో రాసిన ‘నియమాలపై రెండు భావనలు’ అన్న వ్యాసంలో, ఒక వ్యవస్థను సమర్థించడం వేరనీ, ఆ వ్యవస్థలో చేసే ఒక చర్యను సమర్థించడం వేరనీ విడదీశాడు. మేలు జరుగుతుందనిపించినప్పుడు నిర్దోషిని శిక్షించే అధికారం కొందరు అధికారులకిచ్చే వ్యవస్థను ఊహించి, దానికి టెలిష్‌మెంట్ అని పేరు పెట్టాడు. ఆ అధికారం ఎవరికి ఇవ్వాలి, దాన్ని ఎవరు అదుపు చేయాలి, శిక్షపడినవాడు దోషో కాదో ఎవరికీ తెలియని చోట ప్రజలు ఏ ధైర్యంతో బతకాలి అని ప్రశ్నించాడు. గోల్కొండకు దీన్ని అన్వయిస్తే విషయం స్పష్టమవుతుంది. శత్రువు కోరినప్పుడల్లా మంత్రిని అప్పగించాలన్నది నియమమైతే, సమర్థుడైనవాడు మంత్రి పదవికి రాడు, వచ్చినవాడు శత్రువును మెప్పించడమే పనిగా పెట్టుకుంటాడు, శత్రువు ఏటా కొత్త తల అడుగుతాడు. మొగలులు ఎటువంటివారన్న ఊహాగానంతో పని లేకుండానే ఆ నియమం కూలిపోతుంది.

డేవిడ్ లయన్స్ 1965లో లేవనెత్తిన అభ్యంతరం ప్రతినిధులకు తెలిసినదే. నిర్దోషిని శిక్షించరాదన్న నియమానికి, శిక్షిస్తే నిశ్చయంగా ఎక్కువ మేలు కలిగే సందర్భంలో తప్ప అన్న మినహాయింపు చేరిస్తే, నియమం మరింత మేలైనదవుతుంది, అలా చేరుస్తూ పోతే చివరకు అది చర్యా ఉపయోగితావాదంగానే తేలుతుంది. నియమం మామూలు మనుషులు నేర్చుకొని ఒంటబట్టించుకోగలిగినదై ఉండాలి కనుక అటువంటి మినహాయింపు నిలవదని బ్రాడ్ హుకర్ ఇచ్చిన సమాధానం చాలావరకు సరిపోతుంది. ఆ మినహాయింపు గోల్కొండ అమీరుల చేతికి దొరికి ఉంటే వారు దాన్ని ఎలా వాడుకొనేవారో ఊహించడం కష్టం కాదు.

అయితే, ఈ అధ్యక్షుడు దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చిన విషయం ఇదే: రాల్స్ రక్షణ అంతా భయం మీద ఆధారపడి ఉంది. రేపు ఆ స్థానంలో తానూ ఉండవచ్చునని ప్రతి పౌరుడూ భయపడేచోట మాత్రమే ఆ రక్షణ పనిచేస్తుంది. బలి కావలసినవారు ఎవరో ముందే గుర్తు పెట్టి ఉంచిన సమాజంలో మిగిలినవారికి భయమే ఉండదు. దీనికి తెలుగునేల మీద రుజువు ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పద్ధతిని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించినప్పుడు, ఎరుకల వంటి సమూహాలలో పుట్టినవారు ఏ నేరమూ చేయకపోయినా పేరు నమోదు చేయించుకొని, నిర్ణీత వేళలకు హాజరు వేయించుకోవలసి వచ్చింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం అటువంటి సెటిల్‌మెంటుగానే పుట్టింది. ఇది రహస్యం కాదు; అచ్చయిన, అమలైన, బోధించదగిన నియమమే. స్వాతంత్ర్యం వచ్చేదాకా అది నిలిచింది, మిగిలిన ప్రజలు తమకేమవుతుందోనని నిద్ర మానుకోలేదు. దాని మొత్తం ఫలితం కీడే అని నియమ ఉపయోగితావాది అనవచ్చు. కానీ అలా అనాలంటే ఎరుకలవారి బాధను కూడా పూర్తి విలువతో లెక్కలో వేయాలి, చట్టం చేసినవారు వేయనిది అదే. ఎవరెవరు లెక్కలోకి వస్తారన్నది నియమం తనంతట తాను నిర్ణయించదు. ఈ ప్రశ్నను చిల్లర విషయంగా తోసిపుచ్చుతూ, మినహాయింపుల సూత్రాలను మాత్రమే నూరిపోసే విశ్వవిద్యాలయ పాఠ్యక్రమాలు విద్యార్థులకు సగం విద్యే అందిస్తున్నాయి.

ఆ సగాన్ని పూరించే పని ఈ సదస్సు జరుగుతున్న అడవి అంచులోనే ఉంది. ఏజెన్సీ గూడేలలో వరుసగా జ్వరాలు, మరణాలు వచ్చినప్పుడు చేతబడి చేశాడన్న అనుమానంతో ఒంటరి వృద్ధుడినో, వితంతువునో వెలివేయడం, జరిమానా వేయడం, చంపడం ఈనాటికీ పూర్తిగా ఆగలేదు. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ 2005లో తోనహీ వేధింపుల నివారణకు ప్రత్యేక చట్టం చేసింది. అనుమానితుడు నిర్దోషి అని తెలిసిన పెద్ద కూడా, ఊరు రెండుగా చీలి కొట్టుకోకుండా ఉండాలని అతన్ని వెళ్ళిపొమ్మని చెప్పినప్పుడు, మెక్‌క్లోస్కీ ఊహించిన అధికారి స్థానంలోనే నిలుస్తాడు. హత్య అయితే పోలీసు రికార్డులో ఎక్కుతుంది. వెలి ఎక్కడా ఎక్కదు. అందువల్ల పెద్దలు ఏ కారణాలు చెప్పి నిర్ణయించారు, అనుమానితుడికి మాట్లాడే అవకాశం ఇచ్చారా, వెళ్ళిపోయినవాడు ఎక్కడికి చేరాడు, ఆ తరువాత జ్వరాలు ఆగనప్పుడు ఊరు మరొకరిని వెతికిందా అన్న నాలుగు ప్రశ్నలతో గూడెం గూడెం తిరిగి, కోయ భాష తెలిసినవారి సాయంతో, బాధితుల పేర్లు బయటపెట్టకుండా ఈ నిర్ణయాలను నమోదు చేసే పరిశోధన వెంటనే మొదలు కావాలి. నాలుగవ ప్రశ్నకు వచ్చే జవాబుల మీదనే, గోల్కొండలో ఒక్కసారి జరిగిన లెక్క ఇక్కడ ఎన్నిసార్లు తప్పిందో తేలుతుంది. ఆ పనికి పూనుకొనే యువ పరిశోధకులకు మార్గదర్శకులను ఈ సదస్సే ఇవాళే నియమించాలని అధ్యక్షస్థానం ప్రతిపాదిస్తున్నది.