గుట్టలో ఎవరున్నారు?

ఇది ఒక పిల్లవాని కథ. వినండి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దిక్కున ఒక పల్లె. ఆ ఊరి బయట పెద్ద రాతి గుట్ట. సెలవు రోజు ఒక పిల్లవాడు అక్కడికి మేకలు తోలుకుపోయాడు.

"ఓయ్!" అని కేక వేశాడు. గుట్ట నుంచి "ఓయ్!" అని వినబడింది.

"ఎవరు?" అని అరిచాడు. "ఎవరు?" అని మళ్లీ వినబడింది.

పిల్లవాడు భయపడి ఇంటికి ఉరికొచ్చాడు.

"అమ్మా, గుట్టల ఎవరో ఉన్నరు. నేనిగ మేకల కాడికి పోను" అన్నాడు.

తల్లికి దిగులు పట్టుకుంది. వాడు పోకుంటే ఆమె కూలి మానుకోవాలి. ఆమె వాని చేతికి బంతి ఇచ్చింది.

"గోడకు కొట్టు బిడ్డా. ఏమైంది?"

"తిరిగొచ్చింది."

"నీ కేక గూడ గంతే. రాయికి తాకి తిరిగొచ్చింది."

"మరి ఇంట్ల అరిస్తే ఎందుకు రాదు?"

తల్లికి జవాబు తోచలేదు. ఇద్దరూ బడి సారు దగ్గరికి పోయారు. సారు చేతి గడియారం చూసుకుంటూ వాళ్లతో గుట్ట దగ్గరికి వచ్చాడు.

పిల్లవాడు "ఓయ్!" అన్నాడు. 2 సెకన్లకు కేక తిరిగొచ్చింది.

"చప్పుడు ఒక సెకనులో సుమారు 340 మీటర్లు పోతది. 2 సెకన్లలో 680 మీటర్లు. అది పోను, రాను కలిపి. అంటే గుట్ట ఎంత దూరం?" అని సారు అడిగాడు.

"సగం. 340 మీటర్లు" అన్నది తల్లి.

ముగ్గురూ గుట్ట వైపు నడిచారు. దగ్గరికి పోయిన కొద్దీ కేక తొందరగా తిరిగొచ్చింది. ఇంకా దగ్గరికి పోయి పిల్లవాడు "మేకలు దిగిరండి" అని అరిచాడు. "రండి" అన్నదే వినబడింది. ముందు మాటలు తిరిగొచ్చేసరికి వాడింకా అరుస్తూనే ఉన్నాడు. అవి వాని గొంతులోనే కలిసిపోయాయి.

గుట్టకు పది అడుగుల దూరంలో అరిస్తే వేరుగా ఏమీ వినబడలేదు.

"17 మీటర్ల కంటే దగ్గరుంటే రెండు చప్పుళ్లు ఒక్కటే అనిపిస్తయి. చెవి వాటిని విడదీయలేదు. ఇంటి గోడలు ఇంకా దగ్గర. అందుకే అక్కడ వినరాదు. తిరిగొచ్చే చప్పుడును ప్రతిధ్వని అంటరు" అన్నాడు సారు.

తరువాత చెట్లు గుబురుగా ఉన్న వైపు తిరిగి అరిచారు. కేక సరిగ్గా తిరిగి రాలేదు. ఆకులు, కొమ్మలు చప్పుడును చెదరగొట్టాయి. నున్నటి బండ అయితే బాగా తిప్పి పంపుతుంది.

మరో సెలవు రోజు పిల్లవాడు మేకలు తోలుకుని పోయాడు. పొద్దుగూకే వేళ ఒక మేక కనబడలేదు. "మే" అని అరుపు రెండు దిక్కుల నుంచి వినబడింది. మొదటిది గట్టిగా వాగు వైపు నుంచి, వెనుక వచ్చింది సన్నగా గుట్ట వైపు నుంచి. వాడు గుట్ట వైపు పోలేదు. ముందు వచ్చిన అరుపు వైపే పోయాడు.

మేక వాగు ఒడ్డున ముళ్లకంపలో చిక్కుకుని ఉంది.