పుట్టుమచ్చ సాక్ష్యానికి నిలబడాలంటే



పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలకని ఒక చోటు ఉంటుంది. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో క్లాసు టీచరు ఒక్కొక్కరినే పిలిచి, మెడా చేతులూ చూసి, "కుడి చేతి మీద పుట్టుమచ్చ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ" అని రాసుకునేవారు. ఆ రెండు మాటలతో ఒక మనిషిని మరో మనిషి నుంచి వేరు చేయగలమా? ఈ ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. ఆ కథే ఈరోజు చెబుతాను.

మొదట్లో ప్రభుత్వం ఒంటి మీద ఉన్న గుర్తును వెతకలేదు, తానే పెట్టింది. 1797లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం యావజ్జీవ శిక్ష పడిన ఖైదీ నుదుటి మీద అతని పేరు, చేసిన నేరం, శిక్ష పడిన తేదీ పచ్చబొట్టుగా పొడిపించేవారు. దీన్ని గోద్నా అనేవారు. పారిపోయినా ఎక్కడైనా పట్టుబడతాడని వాళ్ల లెక్క. ఖైదీలు తలపాగా కిందికి లాగి కట్టుకుని, జుట్టు పెంచి దాన్ని దాచుకునేవారు. తీర్పు తప్పని తర్వాత తేలినా నుదుటి మీది అక్షరాలు పోవు. 1849లో ఒక చట్టం చేసి ఈ పద్ధతిని తీసేశారు. ఒంటి మీద గుర్తుకు ఎంత బలం ఉందో అంత క్రూరత్వమూ ఉందని చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ కనిపించలేదు.

ఆ తర్వాత పాతికేళ్లు తిరక్కుండానే ఇంగ్లండులో పచ్చబొట్టు మరో రకంగా సాక్ష్యం చెప్పింది. టిచ్‌బోర్న్ అనే సంపన్న కుటుంబానికి వారసుడైన రోజర్ 1854లో ఓడ మునిగి చనిపోయాడని అనుకున్నారు. పన్నెండేళ్ల తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఒకతను వచ్చి నేనే రోజర్‌ని అన్నాడు. తల్లి కూడా నమ్మింది. సివిల్ కేసు నెలల తరబడి సాగాక, రోజర్‌తో కలిసి చదువుకున్న లార్డ్ బెల్యూ సాక్షిగా వచ్చి, బడిలో ఉన్నప్పుడు రోజర్ చేతి మీద తానే పచ్చబొట్టు పొడిచానని చెప్పాడు. వచ్చినతని చేతి మీద అలాంటిదేమీ లేదు. 1872లో జ్యూరీ ఇక వినవలసింది లేదంది, దావా కూలిపోయింది. అబద్ధపు సాక్ష్యం కింద అతనికి పద్నాలుగేళ్ల శిక్ష పడింది.

ఇక్కడ పనిచేసింది గుర్తు ఉండటం కాదు, లేకపోవటం. చెంప మీద మచ్చ ఉన్నవాళ్లు వేలల్లో ఉంటారు కాబట్టి, మచ్చ కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. కానీ తప్పకుండా ఉండాల్సిన గుర్తు, దాన్ని చెరిపిన ఆనవాలు కూడా లేకపోతే, ఆ మనిషి వేరే మనిషి.

మరి ఉన్న గుర్తుతోనే ఒకరిని నిరూపించాలంటే? దానికి మనం ఢాకాకు వెళ్లాలి.

ఢాకా దగ్గర భవాల్ అనే పెద్ద జమీందారీ ఉండేది. ఆ జమీందారు రెండో కుమారుడు రమేంద్ర నారాయణ్ రాయ్ 1909 మే నెలలో డార్జిలింగ్‌లో జబ్బుచేసి చనిపోయాడని, దహనం కూడా అయిపోయిందని కబురు వచ్చింది. దాదాపు పన్నెండేళ్లు గడిచాక ఢాకాలో నది ఒడ్డున, బక్‌లాండ్ బండ్ మీద, ఒళ్లంతా బూడిద పూసుకుని ఒక సన్యాసి కనిపించాడు. జమీందారు కుమారుడిలా ఉన్నాడే అని జనం గుసగుసలాడారు. అక్క జ్యోతిర్మయి ఇతను తన తమ్ముడే అంది. భార్య బిభావతి మాత్రం కాదంది. వర్షం పడి శ్మశానంలో అందరూ వెళ్లిపోతే, సాధువులు తనను బతికించారని సన్యాసి చెప్పిన కథ. 1930లో దావా వేశాడు. ఢాకా కోర్టులో న్యాయమూర్తి పన్నాలాల్ బసు ముందు వెయ్యికి పైగా సాక్షులు నడిచారు.

ఆలోచించండి. అన్నేళ్ల నాటి మొహాన్ని గుర్తుపెట్టుకున్న వందల మంది అవునంటారు, మరికొన్ని వందల మంది కాదంటారు. అందరూ అబద్ధాలే చెబుతున్నారని కాదు. వివాదం మొదలయ్యాక మనిషి జ్ఞాపకం తాను నమ్మినవైపు జరుగుతుంది. సన్యాసి కాలి చీలమండ మీద మచ్చ ఉందని తెలిశాక, కుమారుడికీ ఉండేదని చెప్పడం కష్టం కాదు.

ఆ చిక్కును విప్పడానికి ఒక పాత కాగితం సాయపడింది. 1905లో కుమారుడు ముప్పై వేల రూపాయలకు జీవిత బీమా చేయించుకున్నాడు. బీమా కంపెనీ తరఫున డాక్టరు పరీక్షించి, గుర్తింపు చిహ్నం అన్నచోట ఎడమ చీలమండ బయటివైపు వంకరటింకర మచ్చ అని రాశాడు. బండి చక్రం తగిలి అయిన మచ్చ అది. 1905లో అది రాసేటప్పటికి ఈ దావా సంగతి ఎవరికీ తెలియదు, అబద్ధం రాయవలసిన అవసరమూ ఎవరికీ లేదు. దావా వేసినవాడి కాలికి అదే చోట మచ్చ ఉంది.

ఆ ఒక్క మచ్చతోనే బసు తీర్పు ఇవ్వలేదు. ఇద్దరి మేనిఛాయ, జుట్టు, పాదాల చర్మం పొలుసుల్లా ఉండటం, ఇంకా ఇతర గుర్తులు ఒక్కొక్కటే పరిశీలించాడు. ఒక్కో గుర్తు ఎందరికైనా ఉండవచ్చు. అన్నీ ఒకే ఒంటి మీద, చెప్పిన చోటుల్లోనే కలవడం మాత్రం కాకతాళీయం కాదన్నది ఆ తర్కం. 1936లో తీర్పు సన్యాసి పక్షాన వచ్చింది. కలకత్తా హైకోర్టు 1940లో, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1946 జూలైలో దాన్నే నిలబెట్టాయి. అది విన్న కొద్ది రోజులకే అతను చనిపోయాడు.

ఇప్పుడు దర్యాప్తు అధికారి పాటించే జాగ్రత్తలు ఈ కథల్లోనే ఉన్నాయి. చర్మం మీద మచ్చ ఎక్కడుందో చెప్పడానికి "చేతి మీద" అంటే చాలదు. మోచేతి నుంచి ఎన్ని సెంటీమీటర్లు, పొడవెంత, ఏ దిశలో ఉంది, రంగేమిటి అని రాయాలి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి. నీళ్లలో నానిన శవం పైచర్మం ఊడిపోయినా, పచ్చబొట్టు రంగు లోపలి పొరలో ఉంటుంది కాబట్టి అక్షరాలు నిలుస్తాయి. ఆ పేరు చనిపోయినవారిదే అనుకోకూడదు. అది భార్యదో, తల్లిదో, ఇష్టదైవానిదో కావచ్చు. శవం కిందివైపు రక్తం దిగి ఏర్పడే నీలి మరకను కమిలిన దెబ్బగా రాసుకునే ప్రమాదమూ ఉంది.

నిందితుణ్ణి సాక్షి గుర్తుపట్టే పరేడ్‌లో ఇంకో జాగ్రత్త ఉంటుంది. అతని చెంప మీద గాటు ఉంటే, దాని మీద కాగితం అంటించి, వరుసలో నిలబడిన మిగతావాళ్ల చెంపలకూ అదే చోట కాగితం అంటిస్తారు. లేకపోతే సాక్షి గుర్తుపట్టేది మనిషిని కాదు, గాటును.

మీ ఇంట్లో ఎవరైనా తప్పిపోయి ఫిర్యాదు ఇవ్వవలసి వస్తే, పుట్టుమచ్చ కుడివైపా ఎడమవైపా, ఎంతుంది, ఎప్పటి నుంచి ఉంది అన్నది పాత ఫోటో చూసి చెప్పండి. ఆసుపత్రి కాగితాలుంటే వాటినీ తీసుకెళ్లండి. ఎవరినైనా గుర్తుపట్టమని మిమ్మల్ని పిలిస్తే మాత్రం, చూడకముందే మీకు తెలిసిన గుర్తులన్నీ చెప్పి రాయించండి, ఆ తర్వాతే చూడండి.