ప్రచురించే ముందు ఆఖరి చూపు

మన కోలారు జిల్లాలో తెలుగు, కన్నడం రెండూ చదివినవారు చాలామంది ఉన్నారు. రెండు భాషల్లోనూ ఫోనులో టైపు చేస్తారు. ఈ సౌకర్యం వల్లనే, ఇతర ప్రాంతాల తెలుగువారికి అంతగా ఎదురుకాని ఒక చిక్కు మనకు వస్తుంది. ఇవాళ్టి ప్రసంగం ముఖ్యంగా దాన్ని గురించే.

ఉదాహరణకు, తెలుగు వికీపీడియా కోసం మీరు బంగారు గనుల మీద ఒక వ్యాసం రాశారనుకుందాం. రాయడం పూర్తయింది, ఇక భద్రపరచాలి. అంతకు ముందు ఏం చూడాలి?

మొదట అక్షరాలు చూడాలి. 'బంగారం' అన్న మాటలో రెండు సున్నలున్నాయి. తెలుగు సున్న, కన్నడ సున్న కంటికి ఒక్కటే. కంప్యూటరుకు మాత్రం అవి వేరు. యూనికోడ్‌లో తెలుగు సున్న సంఖ్య 0C02, కన్నడ సున్నది 0C82. టైపు చేస్తూ మధ్యలో కన్నడ కీబోర్డుకు వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు ఒక సున్నో, ఒక 'జ'నో, ఒక 'ఒ'నో అటునుంచి వచ్చి చేరుతుంది. సున్న అయితే చాలాసార్లు దాని పక్కన చుక్కల వలయం ఒకటి కనిపించి పట్టిస్తుంది. విడి అక్షరం అలా పట్టుబడదు. మహా అయితే గీత కాస్త లావుగానో సన్నగానో ఉంటుంది.

దీన్ని పట్టే ఉపాయం తేలికైనదే. పేజీలో వెతికే పెట్టె తెరవండి. కంప్యూటరులో Ctrl, F నొక్కితే వస్తుంది. అందులో తెలుగు కీబోర్డుతోనే 'బంగారం' అని కొట్టండి. కంటితో లెక్కపెడితే ఆ మాట ఏడు చోట్ల ఉంది, పెట్టె ఆరే అంటోందనుకోండి. లెక్కకు రాని ఆ ఒక్క మాటలో పరాయి అక్షరం ఉండి ఉంటుంది. దాన్ని దిద్దడానికి ప్రయాసపడకండి. మాట మొత్తం చెరిపి మళ్ళీ టైపు చేయడమే మేలు.

లింకుల దగ్గర ఈ చిక్కు మరింత ముదురుతుంది. వికీపీడియాలో పేరును రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య పెడితే లింకు అవుతుంది. ఆ పేరుతో పేజీ ఉంటే నీలంగా, లేకపోతే ఎర్రగా కనబడుతుంది. ఎర్రగా ఉన్నంత మాత్రాన పేజీ లేదని తేల్చకండి. ఒక్క అక్షరం కన్నడానిదైనా లింకు ఎర్రబడుతుంది. 'రాబర్ట్‌సన్‌పేట' వంటి పేర్లలో ఇంకొకటి ఉంది. 'ట్' కింద 'స' వత్తుగా చేరకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు అడ్డుపడుతుంది. అది ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. అందుచేత ఎర్ర లింకు కనబడితే ఆ పేరును శోధన పెట్టెలో కొత్తగా టైపు చేసి చూడండి. నీలపు లింకులను కూడా ఒక్కొక్కటి నొక్కి చూడవలసిందే. కోలారు పట్టణమని రాసిన చోట కోలారు జిల్లా తెరుచుకోవచ్చు.

ఇక అంకెలు. తప్పుపడిన అంకె తప్పుగా కనిపించదు, అదే దానితో వచ్చిన బాధ. శివనసముద్రం నుంచి గనులకు విద్యుత్తు వచ్చింది 1902లో. అది 1920 అని పడితే ఏ యంత్రమూ అడ్డుచెప్పదు. మా బళ్ళో పిల్లలచేత చేయించే పద్ధతి ఒకటుంది: ఒకరు మూలపుస్తకం పట్టుకుంటారు, మరొకరు వ్యాసంలోని అంకెలు మాత్రమే పైకి చదువుతారు. మాటలు చదవకూడదు, చదివితే కథలో పడిపోతారు. అంకె సరిగానే ఉన్నా కాలం చెల్లిన వాక్యాలు కూడా ఇక్కడే దొరుకుతాయి. పాత పుస్తకంలో నుంచి ఎత్తి రాస్తే గనులు ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చింతామణి, బాగేపల్లి కోలారు జిల్లాలోవని ఉంటుంది. 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోకి వెళ్ళాయి.

చివరగా ఫోను. వ్యాసాన్ని ముందు మీ సొంత ప్రయోగశాల పేజీలో పెట్టి, ఫోనులో తెరవండి. గనుల పట్టికకు ఆరు నిలువు వరుసలు పెట్టి ఉంటే, ఇరుకు తెర మీద అది పక్కకు జారిపోతుంది, లేదా మాటలు ముక్కలై ఒకదాని కింద ఒకటి పడతాయి. గని పేరు, లోతు, మూతపడిన సంవత్సరం ఉంచి మిగిలినవి వాక్యాల్లో చెప్పండి. 'కుడివైపు బొమ్మలో చూడండి' అని రాసి ఉంటే తీసేయండి. ఫోనులో ఆ బొమ్మ పైకో కిందికో పోతుంది. 'ఛాంపియన్ రీఫ్ గని బొమ్మలో' అంటే ఎక్కడైనా చెల్లుతుంది. ఫోనులో విభాగాలు ముడుచుకొని ఉండవచ్చు కనుక, 'పైన చెప్పినట్టు' అన్నది కూడా చదువరికి అందదు. ఆ విషయాన్ని పేరుతోనే చెప్పండి.

ఈ వరుసను మాత్రం తారుమారు చేయకండి. లింకులు చూశాక అక్షరాలు దిద్దితే, ఆ దిద్దుబాటులోనే ఒక లింకు తెగవచ్చు. ఫోనులో చూసి పట్టిక మార్చినవారు భద్రపరిచే మీట నొక్కే ముందు, ఆ పట్టికలోని పేర్లనూ అంకెలనూ ఇంకొక్కసారి చూసుకోవాలి.