గెలుపోటములు వద్దన్న పిల్లకి మైన్‌క్రాఫ్ట్‌లో ఉప్పు కయ్య

మా అక్కవాళ్లది ఇస్కపల్లి దగ్గర. వాళ్ల పాపకి తొమ్మిదేళ్లు. అన్నలందరూ ఫ్రీ ఫైర్ ఆడుతుంటే ఈమె ఫోన్ పక్కన పెట్టేసి ఇసుకలో గట్లు కట్టుకుంటుంది. "ఎవరో ఒకరు ఓడిపోవాల్సిందేనా మామా?" అని అడిగింది. సరే అని మైన్‌క్రాఫ్ట్ పెట్టిచ్చా.

మొదట నేనే తప్పు చేశా. Creative మోడ్ పెట్టా. అందులో అన్ని వస్తువులూ రెడీగా, ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయి. రెండ్రోజుల్లో విసుగొచ్చేసింది, ఎందుకంటే ఆమెకి కావాల్సింది తయారు చేయడం. అప్పుడు మోడ్ Survival చేసి, Difficulty మాత్రం Peaceful పెట్టా. మీద పడే రాక్షసులు రావు, ఆకలి తగ్గదు. కానీ బకెట్ కావాలంటే ఇనుప ఖనిజం తవ్వి, కొలిమిలో కరిగించి, మూడు కడ్డీలు చేసుకోవాల్సిందే. ఒక ఇబ్బంది ఉంది. సాలీళ్లు రావు కాబట్టి దారం దొరకడం కష్టం, గాలం చేసుకోలేం. సముద్రం పక్క పిల్లకి అదొక పెద్ద బాధ! నీళ్ల బకెట్‌తోనే చేపని పట్టొచ్చని చూపించాక శాంతించింది.

ఇక ఆమె కట్టాలనుకుంది ఏంటంటే, వాళ్ల ఊరి ఉప్పు కయ్య. గుంట తవ్వి, బకెట్ల మీద బకెట్లు నీళ్లు పోసింది. ఎండకి ఆరుతాయని చూసింది. ఆరలేదు. బకెట్‌తో తోడితే తోడిన చోటే మళ్లీ నిండుతోంది. ఏడుపొక్కటే తక్కువ.

కారణం ఇది. బకెట్‌తో పోసిన గడి ఊట లాంటిది. ఏ గడికైనా రెండు పక్కల ఊటలుంటే అదీ ఊటైపోతుంది. అందుకే తోడేకొద్దీ నిండింది. దాన్ని ఎండగట్టాలంటే ఒక మూల నుంచి ఇసుక పోసి పూడ్చుకుంటూ వచ్చి, మళ్లీ తవ్వుకోవాలి.

రెండోసారి లెక్క వేశాం. సమంగా ఉన్న నేల మీద ఒక ఊట నుంచి నీళ్లు ఏడు గడులు పారతాయి, మూలకి పోవాలంటే అటు, ఇటు అడుగులు కలిపి ఏడు. కాబట్టి తొమ్మిది పొడవు, ఏడు వెడల్పు, ఒక గడి లోతు గుంట. సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క బకెట్. మధ్య నుంచి మూలకి నాలుగు, మూడు, మొత్తం ఏడు. కయ్య అంతా నిండింది. ఆ ఒక్క బకెట్ తోడేస్తే కొన్ని సెకన్లలో అంతా ఆరిపోయింది. ఆటలో ఉప్పు లేదు కదా, గొర్రెల ఉన్ని కత్తిరించి తెల్ల కార్పెట్ పరిచింది. అరవై మూడు గడులకి నలభై రెండు ఉన్ని దిమ్మెలు పట్టాయి.

వాళ్ల తాత ఫోన్ చూసి, "కయ్య బాగుందమ్మే, కాలవ యాడ?" అన్నాడు. ఇప్పుడు సముద్రం నుంచి కాలవ తవ్వుతోంది. ఏడు గడులకోసారి ఒక మెట్టు దించితే నీళ్లు ఇంకో ఏడు గడులు పారతాయి. మూడు మెట్లు అయ్యాయి, కయ్య ఇంకా దూరంలోనే ఉంది.