రైల్వే ప్లాట్‌ఫారం దృశ్యంలో వాసన, శబ్దం, జన కదలిక

కిక్కిరిసిన ప్లాట్‌ఫారాన్ని కథలో చిత్రించేటప్పుడు చాలామంది రచయితలు కంటికి కనిపించినవాటినే వరసగా పేర్చుకుంటూ పోతారు. ఎర్ర చొక్కాల కూలీలు, మూటలు, టీ కెటిళ్లు, గడియారం అన్నీ పేజీ మీదికి వస్తాయి గాని, పాఠకుడు మాత్రం పాదచారుల వంతెన మీద నిలబడి కిందికి చూస్తున్నవాడిలాగే మిగిలిపోతాడు. అతణ్ణి జనంలోకి దింపేవి వాసన, శబ్దం, గుంపు కదలిక. ఈ మూడూ మనిషిని ఒకే సమయంలో, ఒకే తీరున చేరవు కాబట్టి, ఏది ఎప్పుడు ఎవరికి చేరుతుందన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

ఉదాహరణకు మే నెల సాయంత్రం విజయవాడ జంక్షన్‌లో, రిజర్వేషన్ లేని ఒక తల్లి ఐదేళ్ల కొడుకుతోనూ ఒక సంచితోనూ విశాఖ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కవలసి ఉందనుకుందాం.

ఆమె మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే మొదట తగిలేది వాసనే: పార్సిల్ బండి మీది థర్మకోల్ పెట్టెల నుంచి కారుతున్న చేపల నీచు, కాగిన నూనె, పట్టాల మధ్య మూత్రపు కంపు. అయితే ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ముక్కు కొద్ది నిమిషాల్లోనే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. శాస్త్రంలో ఘ్రాణ అనుకూలనం అనే ఈ గుణమే రచయితకు అన్నిటికంటే పనికివచ్చే సూత్రం. ఆ నీచు వాసన అప్పుడే వచ్చిన తల్లికి తెలుస్తుంది గాని, పొద్దున్నుంచీ అక్కడే ఉన్న టీ అబ్బాయికి తెలియదు. అందువల్ల అతని వైపు నుంచి చెబుతున్న కథలో ఆ వాసన రాస్తే, అది పాత్ర ముక్కుకు తగిలింది కాక రచయిత బయటి నుంచి తెచ్చి పెట్టినదవుతుంది. తల్లి విషయంలో కూడా అడుగు పెట్టినప్పుడు ఒకసారి చెప్పి వదిలేయాలి, మళ్లీ గాలి మారినప్పుడే, అంటే బండి ఆగుతూ బ్రేకుల మాడు వాసన మోసుకొచ్చినప్పుడే, ముక్కును కదిలించాలి. కాలం విషయంలోనూ జాగ్రత్త అవసరం: బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్లు 1990ల మధ్యకల్లా రోజువారీ సేవ నుంచి తప్పుకున్నాయి కనుక ఈనాటి కథలో బొగ్గు పొగ ఉండకూడదు, బోగీల కింద బయోటాయిలెట్లు వచ్చాక పట్టాల దుర్వాసన కూడా మునుపటంత లేదు.

శబ్దం సంగతి వేరు. వాసనకు ముక్కు అలవాటు పడినట్టు శబ్దానికి చెవి పూర్తిగా అలవాటు పడదు, కాని ఒక పెద్ద శబ్దం చిన్న శబ్దాలను కప్పేస్తుంది. దీన్ని ఆచ్ఛాదనం అంటారు. మైకులో గంట మోగి, ప్రకటన తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో సాగుతుండగా పక్కనే ఇంకో బండి హారన్ వేస్తే, తల్లికి బండి పేరు వినిపించదు, ప్లాట్‌ఫారం అంకె ఒక్కటే చెవిన పడుతుంది. ఆ తెగిన ప్రకటనను తెగినట్టే రాస్తే ఆమె ఆదుర్దాను వేరే విశేషణాలతో చెప్పనక్కరలేదు. అక్కడ మాటలు కూడా పొట్టివవుతాయి: "ఇదేనాండీ?" "కాదమ్మా, వెనకది." పట్టాల టకటక విషయం మరొకటి. పట్టాలను వెల్డింగ్ చేసి కలిపాక ఆ శబ్దం ఎక్కువగా పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు చీలి కలిసే చోట్ల మాత్రమే, గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి బండి స్టేషన్ పొలిమేరలోకి వచ్చిందన్న సూచనగా వాడుకుంటే అది తన పని చేస్తుంది.

ఇక జన కదలికలో తరచు జరిగే పొరపాటు, జనాన్ని ప్లాట్‌ఫారమంతా సమంగా పరచడం. జనరల్ బోగీలు చాలా బండ్లలో ముందు, వెనక కొసల్లో ఉంటాయి కాబట్టి, రిజర్వేషన్ లేనివారు ఆ కొసల దగ్గరే దట్టమవుతారు, మధ్యలో నడవడానికి చోటుంటుంది. బండి వస్తూ ఉండగా నిలబడ్డ గుంపు తలుపుతోపాటు పరుగెడుతుంది. ఆగాక తలుపు చుట్టూ అర్ధవృత్తం కడుతుంది, దిగేవారు దాన్ని చీల్చుకుని సన్నని ధారగా బయటికి వస్తారు. అక్కడ మనిషి తన అడుగు తాను వేయలేడు, వెనక తోపే అడుగు వేయిస్తుంది. ఈ దశలో "ఆమె ముందుకు నడిచింది" అనే వాక్యం అబద్ధం. "సంచి ఎవరి మోకాలికో తట్టుకుని వెనక్కి లాగింది, ఆమె పిల్లవాణ్ణి చంకకెత్తుకునేలోగా తలుపు రెండు అడుగులు దగ్గరైంది" అంటే ఆ ఒత్తిడి శరీరానికి తెలుస్తుంది.

ఈ ఒత్తిడిలో దూరపు వస్తువులన్నీ దృశ్యం నుంచి తప్పుకోవాలి. ఆమెకు అందేవి ముందున్న వ్యక్తి తలనూనె, చెమట, పిల్లవాడి ఏడుపు మాత్రమే. అవతలి కొట్టులోని బజ్జీల నూనె వాసనను ఆ పేరాలో మళ్లీ తెచ్చిన రచయిత తన పాత్రను వదిలి వంతెన ఎక్కినట్టే. రాత ముగిశాక ప్రతి వాక్యాన్నీ బస్టాండు దృశ్యంలో పెట్టి చూడడం మంచి పరీక్ష: అక్కడ కూడా మార్పు లేకుండా ఇమిడిపోయే వాక్యం ఈ ప్లాట్‌ఫారానికి చెందినది కాదు కనుక, దాన్ని కొట్టివేయడమో, తిరగరాయడమో చేయాలి.