మాడ్యులర్ ఇన్వర్స్: మూడు భాగహారాల్లో ప్రైవేట్ కీ

కిందటి ఎపిసోడ్‌లో ఆర్ఎస్ఏ కోసం 61, 53 అనే రెండు ప్రైమ్ నంబర్లు తీసుకున్నాం కదా. 60 ఇంటూ 52, అంటే 3120 వచ్చింది. పబ్లిక్ కీ 17 అనుకున్నాం. ఈరోజు ప్రైవేట్ కీ కనిపెడదాం.

మనకి కావాల్సింది ఒక్కటే. 17ని ఏ నంబరుతో గుణించి 3120తో భాగిస్తే శేషం 1 వస్తుంది? ఆ నంబరే 17కి మాడ్యులర్ ఇన్వర్స్. 1, 2, 3 అని వరసగా ట్రై చేయొచ్చు, ఇక్కడైతే దొరుకుతుంది. కానీ అసలు కీలలో నంబర్లు వందల అంకెలు ఉంటాయి, అక్కడ ఈ పద్ధతి పని చేయదు. అందుకే యూక్లిడ్ పద్ధతి.

ముందు మామూలుగా గసాభా కోసం చేసినట్టే భాగించుకుంటూ వెళ్దాం:

```
3120 = 17 × 183 + 9
17 = 9 × 1 + 8
9 = 8 × 1 + 1
```

శేషం 1 వచ్చింది. అంటే ఇన్వర్స్ ఉంది. 17 బదులు 15 తీసుకుని ఉంటే 3120 దాంతో సరిగ్గా భాగించబడేది, గసాభా 15 అయ్యేది, ఇన్వర్స్ ఉండేదే కాదు. కాబట్టి ఇక్కడ 1 రాకపోతే ఆగిపోవాలి.

ఇప్పుడు కింది నుంచి పైకి వెళ్దాం. ఆఖరి లైన్ ప్రకారం 1 అంటే 9 లోంచి 8 తీసేయడం. ఆ 8 ఎక్కడిది? 17 లోంచి 9 తీస్తే వచ్చింది. ఆ 9 ఎక్కడిది? మొదటి లైన్‌లోది. ఒక్కోటి పెట్టుకుంటూ వెళ్తే:

```
1 = 9 − 8
  = 9 − (17 − 9) = 2×9 − 17
  = 2×(3120 − 183×17) − 17
  = 2×3120 − 367×17
```

3120తో భాగిస్తే మొదటి ముక్క పోతుంది. మిగిలింది −367. అదే ఇన్వర్స్, కాకపోతే మైనస్‌లో ఉంది. 3120 కలిపితే 2753. సరిచూద్దాం: 17 × 2753 = 46801. 3120 × 15 = 46800. శేషం 1. వచ్చేసింది!

ఆ 3120 కలపడం మర్చిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేను మొదట జావాలో రాసినప్పుడు ఏ మెసేజ్ డీక్రిప్ట్ చేసినా 1 అనే వచ్చేది. రెండు గంటలు వెతికాను. జావాలో −367 % 3120 అంటే −367 గానే ఉంటుంది. నా పవర్ ఫంక్షన్‌లో లూప్ `while (d > 0)` అని ఉంది. d మైనస్ కాబట్టి లూప్‌లోకి వెళ్లనే లేదు, మొదట పెట్టిన 1 అలాగే బయటికి వచ్చేసింది. ఈ ఒక్క లైన్‌తో సరిపోయింది:

```
d = ((d % m) + m) % m;
```

సీ ప్లస్ ప్లస్‌లో కూడా ఇదే తంతు. పైథాన్‌లో `%` ప్లస్‌లోనే ఇస్తుంది. 3.8 వెర్షన్ నుంచి `pow(17, -1, 3120)` అని రాసినా 2753 వస్తుంది.

ఇప్పుడు మీరు కాగితం మీద 26లో 7కి ఇన్వర్స్ కట్టండి. కింది నుంచి పైకి వస్తే −11 రావాలి, 26 కలిపితే 15. 7 × 15 = 105, అందులోంచి 104 తీస్తే 1. ఉంటానండి, మళ్లీ కలుద్దాం.